‘లాస్ట్ వీక్’ ఒప్పుకోదు, ‘ఆల్రెడీ’ ఒప్పుకుంటుంది: ఇంగ్లీషులో రెండు భూతకాలాల తగువు

‘యెట్, ఆల్రెడీ, జస్ట్ కనిపిస్తే ప్రెజెంట్ పర్ఫెక్ట్ రాయి. యెస్టర్డే, లాస్ట్ వీక్, ఎగో కనిపిస్తే సింపుల్ పాస్ట్ రాయి.’ మన పిల్లలు ఇంగ్లీషు గ్రామరులో ఈ రెండు వరసల్ని ఎక్కాల్లా నేర్చుకుంటారు. పరీక్షలో ఖాళీలు పూరించడానికి ఇది చాలు. బయటికొచ్చాకే చిక్కు మొదలవుతుంది. డాలస్‌లో పెరిగిన మనవడు ‘ఐ ఆల్రెడీ ఏట్’ అంటాడు. విజయవాడలో చదువుకున్న తాతగారికి అది తప్పుగా వినిపిస్తుంది, ‘ఐ హ్యావ్ ఆల్రెడీ ఈటెన్’ అని సరిచేయబోతారు. నిజానికి ఇద్దరిదీ ఒప్పే. అదే తాతగారు ఉత్తరంలో ‘ఐ హ్యావ్ సెంట్ ద మనీ లాస్ట్ వీక్’ అని రాస్తే మాత్రం అమెరికాలోనూ ఇంగ్లండులోనూ దాన్ని ఒప్పు అనేవాళ్ళు దాదాపు ఉండరు.

ఒక నియమాన్ని సగం లోకం దాటినా ఏమీ కాకపోవడం, రెండో నియమాన్ని దాదాపు ఎవరూ దాటకపోవడం ఎందుకు? ఈ ప్రశ్న మీద వ్యాకరణవేత్తలు చాలాకాలంగా రాస్తున్నారు. వాళ్ళు చెప్పినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి స్పష్టంగా కనిపిస్తుంది. మనం ఒకే జాబితాలో కుక్కి నేర్పే ఈ మాటలు రెండు వేరు వేరు జాతులవి. ‘లాస్ట్ వీక్’ కాలంలో ఒక ముక్కను పేరు పెట్టి చూపిస్తుంది. ‘ఆల్రెడీ’, ‘యెట్’, ‘జస్ట్’ ఏ ముక్కనూ చూపించవు. మొదటి జాతి విషయంలో క్రియకు వేరే దారి లేదు. రెండో జాతి విషయంలో ఉంది.

ముందు మన భాషలో ఏం జరుగుతుందో చూడాలి, ఎందుకంటే పొరపాటు పుట్టేది అక్కడే. తెలుగులో ‘నిన్న తిన్నాను’ అంటాం, ‘ఇప్పుడే తిన్నాను’ అంటాం, ‘ఢిల్లీలో ఒకసారి తిన్నాను’ అంటాం. క్రియ మారదు. ‘అప్పుడే తినేశావా?’ అన్నప్పుడు వచ్చే ‘ఏశావు’ పని పూర్తయిందనో, ఇంత త్వరగానా అనో చెబుతుంది కానీ, ‘నిన్న తినేశాను’ అనడానికి అడ్డు పడదు. వ్యతిరేకార్థంలోనూ అంతే: ‘నిన్న తినలేదు’, ‘ఇంకా తినలేదు’. ఇంగ్లీషులో ఇవి ‘డిడ్ నాట్ ఈట్’, ‘హ్యావ్ నాట్ ఈటెన్’ అని రెండుగా చీలిపోతాయి. అంటే తెలుగులో కాలం సంగతంతా ‘నిన్న’, ‘ఇప్పుడే’, ‘ఇంకా’ అనే మాటలే మోస్తాయి, క్రియ నిశ్చింతగా ఉంటుంది. ఇంగ్లీషులో క్రియ కూడా ఆ బరువులో తన వాటా మోయాలి. ఆ వాటా ఏమిటో చెప్పకుండా, ఏ మాట పక్కన ఏ క్రియ అని మాత్రమే నేర్పితే, మనవాడు క్రియకు సొంత అర్థమే లేదనుకుంటాడు.

దీనికి తోడు, మన గైడు పుస్తకాలు ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు ‘తిని ఉన్నాను’, ‘వచ్చి ఉన్నాను’ అని అర్థం రాస్తాయి. భోజనం అయిందా అని అడిగితే ‘తిని ఉన్నాను’ అని జవాబిచ్చే తెలుగువాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ అనని మాట కాబట్టి అది గ్రాంథికంగా, కాస్త బరువుగా ధ్వనిస్తుంది. దానివల్ల ‘హ్యావ్’ కలిపిన క్రియ మర్యాదైన భూతకాలమనీ, ఆఫీసు ఉత్తరానికి తగినదనీ ఒక అభిప్రాయం స్థిరపడిందని నా అంచనా. ‘ఐ సబ్మిటెడ్’ కంటే ‘ఐ హ్యావ్ సబ్మిటెడ్’ వినయంగా ఉందని రాసేవాళ్ళు మన కార్యాలయాల్లో ఎందరో. ఈ రెండు క్రియల మధ్య ఉన్నది మర్యాదలో తేడా కాదు, మాట్లాడేవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్న తేడా.

ఆ నిలబడే చోటును స్పష్టంగా గీసి చూపినవాడు హాన్స్ రైఖెన్‌బాఖ్ అనే తత్త్వవేత్త. 1947లో వచ్చిన తర్కశాస్త్ర గ్రంథంలో కొద్ది పేజీలే ఆయన క్రియల కాలాలకు కేటాయించాడు, కానీ తర్వాతి చర్చంతా వాటి చుట్టూనే తిరిగింది. పని జరిగిన క్షణం, మాట్లాడుతున్న క్షణం అనే రెండు బిందువులు చాలవనీ, మూడోది కావాలనీ ఆయన అన్నాడు. ఆ మూడోది మనం ఏ చోటునుంచి ఆ పనిని చూస్తున్నామో ఆ బిందువు. ‘ఐ ఏట్’ అన్నప్పుడు చూసే చోటు కూడా గతంలోకి, పని జరిగిన దగ్గరికే వెళ్ళిపోతుంది. ‘ఐ హ్యావ్ ఈటెన్’ అన్నప్పుడు పని గతంలోనే ఉంటుంది, చూసే చోటు మాత్రం ఇప్పటి దగ్గరే ఆగిపోతుంది. ‘లాస్ట్ వీక్’ లాంటి మాట వాక్యంలోకి వచ్చి అతుక్కునేది ఈ చూసే చోటుకేనని ఆయన వాదన. ‘ఐ ఏట్ దేర్ లాస్ట్ వీక్’లో చూసే చోటు పోయిన వారంలోనే ఉంది కాబట్టి పేచీ లేదు. ‘ఐ హ్యావ్ ఈటెన్ దేర్ లాస్ట్ వీక్’లో క్రియ ‘నేనిప్పుడు ఇక్కడ నిలబడి చూస్తున్నాను’ అంటోంది, పక్కమాట ‘పోయిన వారంలో నిలబడ్డాను’ అంటోంది. ఒకే మనిషి రెండు చోట్ల నిలబడలేడు.

ఈ వివరణ బాగుంది కానీ ఒక సందేహం మిగులుతుంది. జర్మన్ భాషలోనూ, ఫ్రెంచిలోనూ ‘హ్యావ్’కు సమానమైన సహాయక క్రియతో కట్టిన రూపం పక్కన ‘నిన్న’ అనే మాట హాయిగా కూర్చుంటుంది. నేటి ఫ్రెంచి మాటల్లో ‘నిన్న చూశాను’ అనడానికి అదే మామూలు రూపం. అక్కడ లేని అభ్యంతరం ఇంగ్లీషుకు ఎందుకు వచ్చింది? వుల్ఫ్‌గాంగ్ క్లైన్ 1992లో రాసిన వ్యాసానికి ఈ చిక్కుముడి పేరే పెట్టాడు. ఇంగ్లీషు వర్తమాన సహాయక క్రియ చూసే చోటును ‘ఇప్పుడు’ అనే ఒకే స్థానానికి కట్టేస్తుందనీ, అలా ఒకవైపు ముడి పడ్డాక పని జరిగిన సమయాన్ని కూడా బిగించి చెప్పడం ఇంగ్లీషు సహించదనీ ఆయన తేల్చాడు. జర్మన్‌లో ఆ మొదటి ముడే వదులుగా ఉంటుంది.

ఫ్రెంచివారికీ ఒకప్పుడు ఇలాంటి గీత ఉండేదన్న సంగతి చాలామందికి తెలియదు. 1660లో వెలువడిన పోర్ట్ రాయల్ వ్యాకరణం, మాట్లాడుతున్న రోజులోనే జరిగిన పనికి సాదా భూతకాలం వాడకూడదని చెప్పింది. నిన్న రాసినదానికి ఒక రూపం, ఇవాళ పొద్దున రాసినదానికి మరో రూపం. రాత్రి నిద్రపోయి లేస్తే క్రియ మారిపోవాలన్నమాట. ఫ్రెంచిలో ఆ గీత చెరిగిపోయింది. ఇంగ్లీషులో ఇలాంటి గీతే నిలిచింది, అయితే అది రోజు అనే కొలతకు కట్టుబడలేదు. వారమైనా, సంవత్సరమైనా, జీవితమంతైనా కావచ్చు. ఆ గడువు ఇంకా నడుస్తోందా, ముగిసిందా అన్నదే దాని పట్టింపు.

సరిగ్గా ఈ ‘నడుస్తున్న గడువు’నే డబ్ల్యూ. ఎఫ్. బ్రయన్ 1936లో ప్రతిపాదించాడు. రాబర్ట్ మెకోర్డ్ 1978లో పుస్తకమంతా రాసి, పోటీలో ఉన్న సిద్ధాంతాలన్నిటినీ బరిలోకి దించి చూశాడు. వాటిలో రెండు మన బడి పుస్తకాల్లోకీ చేరాయి కాబట్టి వాటి బలం ఎంతో చూడాలి.

మొదటిది: సమయం చెప్పకపోతే పర్ఫెక్ట్, చెబితే పాస్ట్. మన దేశంలో తరతరాలు చదివిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం కూడా ఇదే ధోరణిలో, ఎప్పుడో తెలియని పనికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడాలని చెబుతుంది. ‘కన్యాశుల్కం ఎవరు రాశారు?’ అని ఇంగ్లీషులో అడగండి. ‘హూ రోట్ కన్యాశుల్కం?’ అనే అడగాలి. ఎక్కడా సమయం లేదు, అయినా పాస్టే. మరోవైపు ‘ఐ హ్యావ్ బీన్ హియర్ సిన్స్ నైన్ ఓ క్లాక్’లో గడియారం ముల్లుతో సహా సమయం చెప్పాం, అయినా పర్ఫెక్టే. కాబట్టి సమయం చెప్పామా లేదా అన్నది తేల్చే విషయం కాదు.

రెండోది: ఇప్పటికీ ఫలితం మిగిలి ఉంటే పర్ఫెక్ట్. ఇది వినడానికి మరింత నమ్మకంగా ఉంటుంది, ఉపాధ్యాయులు ఎక్కువగా ఆశ్రయించేదీ దీన్నే. తాళంచెవి నిన్న పోయింది, ఇప్పటికీ దొరకలేదు, గుమ్మం బయటే నిలబడి ఉన్నాను. ఫలితం ఇంతకంటే తాజాగా ఉండదు. అయినా ‘ఐ లాస్ట్ మై కీ యెస్టర్డే’ అనే అనాలి. ఎంత ఫలితం మిగిలినా ‘యెస్టర్డే’ పక్కన ‘హ్యావ్ లాస్ట్’ నిలవదు. ‘యెస్టర్డే’ తీసేస్తేనే ‘ఐ హ్యావ్ లాస్ట్ మై కీ’ ప్రాణం పోసుకుంటుంది. కనుక ఫలితం సూత్రం ఎందుకు పర్ఫెక్ట్ ఎంచుకోవాలనిపిస్తుందో చెప్పగలదు కానీ ఎప్పుడు ఎంచుకోకూడదో చెప్పలేదు.

బ్రయన్, మెకోర్డ్ చెప్పిన గడువు సిద్ధాంతం ఈ రెండు పరీక్షలకూ నిలుస్తుంది. పర్ఫెక్ట్ క్రియ ఒక గడువును పరుస్తుంది. దాని మొదలు ఎక్కడైనా ఉండవచ్చు, చివర మాత్రం ఈ క్షణాన్ని తాకాలి. పాస్ట్ క్రియ ఈ క్షణంతో తెగిపోయిన గడువులో ఉంటుంది. గురజాడ అప్పారావు 1915లో పోయారు, ఆయన రాయగలిగిన గడువు ముగిసింది, అందుకే ‘రోట్’. ఆయన నాటకం ఇంకా ఆడుతున్నారు కాబట్టి ‘కన్యాశుల్కం హ్యాజ్ బీన్ స్టేజ్డ్ మెనీ టైమ్స్’ అనడంలో తప్పు లేదు. నోమ్ చోమ్‌స్కీ ఐన్‌స్టైన్, ప్రిన్స్‌టన్ పేర్లతో ఇలాంటి తేడానే ఎత్తిచూపాడు. ఐన్‌స్టైన్‌ను కర్తగా పెట్టి ‘హ్యాజ్ విజిటెడ్’ అంటే ఆయనింకా బతికే ఉన్నట్టు వినిపిస్తుంది, ప్రిన్స్‌టన్‌ను కర్తగా పెట్టి ‘హ్యాజ్ బీన్ విజిటెడ్’ అంటే అలా వినిపించదు.

గడువు అన్న ఈ ఒక్క ఆలోచన పట్టుకుంటే, సమయం చెప్పే మాటల్లో చాలావరకు బట్టీ పట్టకుండానే తేలిపోతాయి. ఆ మాట పేరు పెట్టిన కాలఖండంలో ఈ క్షణం ఉందా? ‘యెస్టర్డే’, ‘లాస్ట్ వీక్’, ‘టూ డేస్ ఎగో’, ‘ఇన్ 2019’: లేదు, కాబట్టి పాస్ట్. ‘సో ఫార్’, ‘టిల్ నౌ’, ‘సిన్స్ మండే’: ఉంది, కాబట్టి పర్ఫెక్ట్. ‘టుడే’, ‘దిస్ వీక్’: ఉంది కానీ, ఆ రోజులోనే ఇప్పటికే గడిచిపోయిన ఒక సమయాన్ని మనసులో పెట్టుకుని పాస్ట్ వాడినా తప్పు లేదు. ‘దిస్ మార్నింగ్’ చాలా సొగసైన ఉదాహరణ. పొద్దున పది గంటలకు ‘హ్యావ్ యు హ్యాడ్ కాఫీ దిస్ మార్నింగ్?’ అని అడగవచ్చు. సాయంత్రం నాలుగింటికి అదే సంగతి అడగాలంటే ‘డిడ్ యు హ్యావ్ కాఫీ దిస్ మార్నింగ్?’ అనాలి. మాట మారలేదు, గడియారం మారింది. ఏ జాబితా అయినా ఇక్కడ చేతులెత్తేయక తప్పదు.

‘లాస్ట్ వీక్’ చుట్టూనే మనవాళ్ళు తరచు పొరబడే మరో సూక్ష్మం ఉంది. ‘లాస్ట్ వీక్’ అంటే ముగిసిపోయిన వారం, ఈ సోమవారానికి ముందున్నది. ‘ఇన్ ద లాస్ట్ వీక్’ అంటే ఇప్పటినుంచి వెనక్కి లెక్కపెట్టిన ఏడు రోజులు, దాని చివర ఈ క్షణాన్ని తాకుతుంది. కాబట్టి ‘ద ప్రైస్ రోజ్ లాస్ట్ వీక్’, కానీ ‘ద ప్రైస్ హ్యాజ్ రిజెన్ ట్వైస్ ఇన్ ద లాస్ట్ వీక్’. ‘సిన్స్ లాస్ట్ వీక్’ అయితే పోయిన వారం మొదలై ఇప్పటిదాకా, అదీ పర్ఫెక్టే. జాబితాలో ‘లాస్ట్’ అనే మాట చూసి కలం ఆపేసేవాడు ఈ మూడింటినీ ఒకటే అనుకుంటాడు.

‘వెన్’ కూడా ఈ వర్గానిదే. అది అడిగేదే ఫలానా సమయాన్ని, కాబట్టి జరిగిపోయిన పని గురించి అడిగేటప్పుడు ‘వెన్ డిడ్ యు కమ్?’ అనాలి. మనవాళ్ళ నోట వినిపించే ‘వెన్ హ్యావ్ యు కమ్?’ ఈ కారణంగానే నిలవదు. ఎదుటివాడు రావడం కళ్ళముందు కనిపిస్తున్నా, సమయం అడిగిన క్షణంలో చూపు అతను వచ్చిన ఆ గడియకు వెళ్ళాల్సిందే.

ఇక ‘ఆల్రెడీ’, ‘యెట్’, ‘జస్ట్’. వీటికి గడువు పరీక్ష పెడితే జవాబు రాదు, ఎందుకంటే ఇవి ఏ కాలఖండాన్నీ పేరు పెట్టి పిలవవు. ‘ఆల్రెడీ’ అనుకున్నదానికంటే ముందే అని చెబుతుంది. ‘యెట్’ జరగాల్సింది ఉంది అన్న ఎదురుచూపును చెబుతుంది. ‘జస్ట్’ దూరం చాలా తక్కువ అని చెబుతుంది. అందుకే ‘ఆల్రెడీ’ వర్తమానంతో కూడా కలుస్తుంది: ‘హి ఈజ్ ఆల్రెడీ హియర్’, ‘ఐ ఆల్రెడీ నో’. గతంలో ఒక క్షణం గురించి చెప్పేటప్పుడు బ్రిటిషువాళ్ళు కూడా ‘హి వాజ్ ఆల్రెడీ అవేక్ వెన్ ఐ కాల్డ్’ అనే అంటారు. ‘ద రిపోర్ట్ వాజ్ నాట్ రెడీ యెట్ లాస్ట్ ఫ్రైడే’ అన్న వాక్యంలో ‘యెట్’ పాస్ట్ పక్కన కూర్చున్నా లండన్‌లో ఎవరూ ముఖం చిట్లించరు. ‘ఆల్రెడీ అంటే పర్ఫెక్ట్’ అన్న సూత్రం ఇంగ్లండులోనే ఇన్ని చోట్ల కూలిపోతుంది.

సూత్రం నిలబడే చోటు ఒకటుంది: ఇప్పుడే, ఇక్కడే, మాట్లాడుతున్న క్షణం నుంచి చూసి ఒక పని అయిందా కాలేదా అని చెబుతున్నప్పుడు. అలాంటప్పుడు ఈ మూడు మాటల అర్థానికి ఇప్పటిదాకా అన్న గడువు సహజంగా సరిపోతుంది, బ్రిటిషువాళ్ళు పర్ఫెక్ట్‌కే మొగ్గుతారు. కానీ పని జరిగింది మాత్రం గతంలోనే కదా, అందుకని పాస్ట్‌తో చెప్పినా వాక్యంలో ఏ రెండు మాటలూ కొట్టుకోవు. అమెరికన్లు ఆ వెసులుబాటును వాడుకున్నారు. ‘డిడ్ యు ఈట్ యెట్?’, ‘ఐ ఆల్రెడీ ఏట్’, ‘షి జస్ట్ లెఫ్ట్’ అక్కడ ఇంట్లోనూ ఆఫీసులోనూ రోజూ వినిపించే మాటలు. అలాగని పర్ఫెక్ట్ అక్కడ తప్పు కాదు. రాతలో, ముఖ్యంగా ‘యెట్’ ఉన్నచోట, చాలామంది అమెరికన్లు పర్ఫెక్ట్‌నే రాస్తారు.

అమెరికాలో ప్రెజెంట్ పర్ఫెక్ట్ చచ్చిపోతోందన్న మాట ఎప్పటినుంచో ఉంది. యోహాన్ ఎల్స్‌నెస్ 1997లో రెండు దేశాల ఇంగ్లీషునూ పోల్చి, అమెరికన్లు దాన్ని తక్కువగా వాడుతున్నారని చూపాడు. అయితే మరియానె హుంట్, నికొలస్ స్మిత్ 2009లో ప్రచురించిన పరిశీలనలో 1961 నాటి అచ్చు రాతల్నీ 1990ల మొదట్లోని రాతల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు దేశాల మధ్య తేడా ఉంది కానీ ఆ ముప్ఫయ్యేళ్ళలో పెద్ద కదలికేమీ లేదు. అచ్చు రాతల వరకు చూస్తే అమెరికా అలవాటు కొత్తగా వచ్చిన జబ్బు కాదు, స్థిరపడిన పద్ధతి. నా మట్టుకు ఈ మాట చాలా ముఖ్యం. అమెరికాలోని మన పిల్లల ఇంగ్లీషును ‘ఈ కాలం పిల్లల నిర్లక్ష్యం’గా చూడటానికి ఇది ఏ ఆధారమూ మిగల్చదు.

రెండు జాతుల మాటలూ ఒకే వాక్యంలో పడితే ఎవరి మాట చెల్లుతుంది? ఈ సందర్భం పాఠాల్లో అరుదుగా వస్తుంది, జీవితంలో మాత్రం రోజూ వస్తుంది. ‘పోయిన వారమే చెప్పాను కదా’ అనాలి. ‘ఆల్రెడీ’ చూసి ‘ఐ హ్యావ్ ఆల్రెడీ టోల్డ్ యు లాస్ట్ వీక్’ అని రాస్తారు. ఇక్కడ ‘లాస్ట్ వీక్’ గెలుస్తుంది, ఎందుకంటే దానికి ఒకే దారి ఉంది, ‘ఆల్రెడీ’కి రెండున్నాయి. ‘ఐ ఆల్రెడీ టోల్డ్ యు లాస్ట్ వీక్’ అనవచ్చు, లేదా ‘లాస్ట్ వీక్’ తీసేసి ‘ఐ హ్యావ్ ఆల్రెడీ టోల్డ్ యు’ అనవచ్చు. ‘హి జస్ట్ కేమ్ యెస్టర్డే’లో ‘జస్ట్’ అర్థమే మారిపోయి ‘నిన్ననే’ అవుతుంది. ‘జస్ట్’ పక్కన ‘నౌ’ చేరినా ఇలాంటి మార్పే. ‘ఒక క్షణం క్రితం’ అనే అర్థంలో అది సమయం పేరుగా మారి, ‘హి లెఫ్ట్ జస్ట్ నౌ’ అని పాస్ట్ వైపు మొగ్గుతుంది. తెలుగులో రెండూ ‘ఇప్పుడే వెళ్ళాడు’ కాబట్టి మనవాళ్ళు ‘హి హ్యాజ్ లెఫ్ట్ జస్ట్ నౌ’ అనేస్తారు. ‘హి హ్యాజ్ జస్ట్ లెఫ్ట్’ అన్నా, ‘హి లెఫ్ట్ జస్ట్ నౌ’ అన్నా సరిపోతుంది.

ఇదంతా ఒక ఉత్తరం మీద పెట్టి చూద్దాం. ఉద్యోగానికి దరఖాస్తు చేసిన ఒక అబ్బాయి కంపెనీకి ఇలా రాశాడనుకుందాం: ‘ఐ హ్యావ్ అప్లైడ్ ఫర్ ద పోస్ట్ ఆన్ ఫిఫ్త్ మార్చ్. ఐ హ్యావ్ అటెండెడ్ ద ఇంటర్వ్యూ లాస్ట్ వీక్. ఐ ఆల్రెడీ సెంట్ మై సర్టిఫికెట్స్. ఐ డిడ్ నాట్ రిసీవ్ ఎనీ రిప్లై టిల్ నౌ. వెన్ హ్యావ్ యు సెంట్ ద ఆఫర్ లెటర్స్?’

మొదటి వాక్యంలో మార్చి అయిదు ముగిసిన రోజు, కాబట్టి ‘ఐ అప్లైడ్’. రెండోదీ అంతే, ‘ఐ అటెండెడ్’. ‘హ్యావ్’ ఉంచుకోవాలని అతనికి గట్టిగా ఉంటే వాక్యాన్ని రెండు చేయాలి: ‘ఐ హ్యావ్ అప్లైడ్ ఫర్ ద పోస్ట్ అండ్ హ్యావ్ అటెండెడ్ ద ఇంటర్వ్యూ. ద ఇంటర్వ్యూ వాజ్ లాస్ట్ వీక్.’ ఇంగ్లీషువాళ్ళ సంభాషణ నడిచే తీరే ఇది. కబురు పర్ఫెక్ట్‌లో మొదలవుతుంది, ఎప్పుడు ఎక్కడ ఎలా అన్న వివరాలు పాస్ట్‌లో వస్తాయి. వాళ్ళ వార్తల్లోనూ ఈ నడక తరచు కనిపిస్తుంది: ప్రమాదం జరిగిందన్న మొదటి వాక్యానికి ‘హ్యాజ్ బీన్’, తర్వాతి వివరాలకు ‘వాజ్’. మన ఇంగ్లీషు పత్రికల్లో అప్పుడప్పుడు కనిపించే ‘హ్యాజ్ అనౌన్స్డ్ ఆన్ మండే’ ఈ రెండు అడుగుల్నీ ఒకేసారి వేయబోవడం వల్ల వచ్చే తడబాటు.

మూడో వాక్యం ‘ఐ ఆల్రెడీ సెంట్’ తప్పు కాదు. అమెరికా కంపెనీ అయితే అసలు గమనించరు. లండన్ కంపెనీ అయితే ‘ఐ హ్యావ్ ఆల్రెడీ సెంట్’ మరింత సహజంగా ఉంటుంది. ఈ అబ్బాయి ఉత్తరంలో గమ్మత్తేమిటంటే, ‘హ్యావ్’ అక్కరలేని చోటల్లా పెట్టి, నప్పే చోట్ల తీసేశాడు. సినిమాల్లో, సిరీస్‌లలో విన్న అమెరికన్ మాట ఒకవైపు, ఆఫీసు మర్యాద అనుకున్నది మరొకవైపు లాగితే ఇలాగే అవుతుంది.

నాలుగోది జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ అర్థమే మారుతుంది. ‘టిల్ నౌ’ గడువు ఇప్పటిని తాకుతుంది కాబట్టి ‘ఐ హ్యావ్ నాట్ రిసీవ్డ్ ఎనీ రిప్లై యెట్’ అనాలి. ‘యెట్’ వల్ల ఇంకా ఎదురుచూస్తున్నానన్న సంగతి మర్యాదగా చేరుతుంది. ‘ఐ డిడ్ నాట్ రిసీవ్ ఎనీ రిప్లై’ అని ఆపేస్తే ఎదురుచూపు అయిపోయినట్టు, మీరు జవాబివ్వలేదని నిందిస్తున్నట్టు వినిపిస్తుంది. తెలుగు ‘రాలేదు’ రెండింటికీ సరిపోతుంది కాబట్టి రాసినవాడికి ఆ కాఠిన్యం తెలియదు, చదివినవాడికి మాత్రం తగులుతుంది. అయిదోది ‘వెన్ డిడ్ యు సెండ్’ అవ్వాలి. అసలు పంపారో లేదో అతనికి తెలియదు కాబట్టి ‘హ్యావ్ యు సెంట్ ద ఆఫర్ లెటర్స్ యెట్?’ అని అడగడమే సబబు.

‘లాస్ట్ వీక్’ గోడకు కూడా కొన్ని సందులున్నాయి. గడియారం సమయం చెప్పినా అది ఒకే రోజుది కాకుండా పదే పదే వచ్చేదైతే పర్ఫెక్ట్ కుదురుతుంది: ‘హి హ్యాజ్ ఆఫెన్ లెఫ్ట్ అట్ ఫైవ్’. ఆస్ట్రేలియాలో కథ చెప్పేటప్పుడు ఫలానా సమయం చెబుతూనే పర్ఫెక్ట్ వాడటాన్ని ఎంగెల్, రిట్జ్ అనే పరిశోధకులు 2000లో నమోదు చేశారు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ ఆటగాళ్ళు ఆట ముగిశాక గోల్ ఎలా పడిందో వరసగా పర్ఫెక్ట్‌లో చెప్పడం కూడా వినేవాళ్ళకు తెలిసిందే. ఇవి కళ్ళముందు మళ్ళీ జరుగుతున్నట్టు చెప్పే శైలులు. అవి ఉన్నాయి కదా అని మన ‘హ్యావ్ సెంట్ లాస్ట్ వీక్’కు వాటి అండ దొరకదు, ఎందుకంటే మనం కథ చెప్పడం లేదు, ఒక పని ఎప్పుడు చేశామో తెలియజేస్తున్నాం.

భారతీయ ఇంగ్లీషులో ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ ఎంత విస్తృతమంటే, మన దేశపు ఇంగ్లీషును వర్ణించే పుస్తకాలు దాన్ని ఒక ప్రత్యేక లక్షణంగానే పేర్కొంటాయి. మనలో మనం మాట్లాడుకుంటే అది ఎవరికీ అడ్డు కాదు, అర్థం చెడదు. బయటివాళ్ళకు రాసేటప్పుడు మాత్రం ఎంపిక తేలిక: ముగిసిన కాలానికి పేరు పెట్టిన మాట ఉంటే పాస్ట్ రాస్తే ఏ దేశంలోనూ తప్పు పట్టరు. అలాంటి మాట లేకుండా, ఇప్పటి సంగతి చెబుతూ ‘ఆల్రెడీ’, ‘యెట్’, ‘జస్ట్’ మాత్రమే ఉంటే పర్ఫెక్ట్ రాస్తే ఏ దేశంలోనూ తప్పు పట్టరు. అమెరికాలో ఉండేవాళ్ళు ఈ రెండోచోట మాత్రం చుట్టుపక్కలవాళ్ళ అలవాటుకు ఒదిగి ‘ఐ ఆల్రెడీ ఏట్’ అన్నా నష్టం లేదు.